జేజి కూడా ఆడే ఆట: మూడేళ్ల తర్వాత మారియో కార్ట్ 8 డీలక్స్

కడపలో మా ఇంట్లో ఆదివారం రాత్రి భోజనాలయ్యాక నలుగురం టీవీ ముందు కూర్చుంటాం. మా అమ్మకు, అంటే పిల్లల జేజికి, 64, పెద్దోడికి 13, పాపకు 6, నాలుగో కంట్రోలర్ నాది. మూడేళ్లలో నింటెండో స్విచ్ అనే గేమ్ కన్సోల్‌లో చాలా ఆటలు తెచ్చి చూశాం. ఇప్పటికీ ఆడుతున్నది మాత్రం బండ్ల రేసు ఆట మారియో కార్ట్ 8 డీలక్సే. ఇందులో సాయం ఎవరికి కావాలంటే వాళ్లకే పెట్టుకోవచ్చు.

ఈ తేడా నాకు జట్టుగా వంట చేసే ఓవర్‌కుక్డ్ ఆట ఆడాకే తెలిసింది. దాని ఆల్ యూ కెన్ ఈట్ వెర్షన్‌లో అసిస్ట్ మోడ్ పెడితే లెవెల్‌కు టైమ్ పెరుగుతుంది, ఆర్డర్లు కూడా అంత త్వరగా పోవు. కానీ ఆ సాయం జట్టు మొత్తానికీ ఒకటే. పెద్దోడికి ఆట చప్పగా అయ్యేది. మా అమ్మకేమో టెన్షన్ తగ్గేది కాదు. “ఎర్రగడ్డ యాడ పెట్టినావురా?” అని ఆమె అడిగేలోపు గిన్నె మాడిపోయేది.

మారియో కార్ట్‌లో బండి ఎంచుకునే చోట + నొక్కితే ఆ ఒక్క మనిషికి సంబంధించిన సెట్టింగులు వస్తాయి. అమ్మకు, పాపకు స్మార్ట్ స్టీరింగ్, ఆటో యాక్సిలరేట్ రెండూ పెట్టాను. బండి దానంతటదే పోతుంది, రోడ్డు దిగబోతే వెనక్కి తిప్పుతుంది. అమ్మ పని పక్కకు తిప్పడం, చేతికి వచ్చిన వస్తువు విసరడం, అంతే. పైగా వెనకబడినవాళ్లకు మంచి వస్తువులు వస్తాయి. ఒకసారి ఆమె బండి ఫిరంగి గుండుగా మారి వరసగా నలుగురిని దాటేసింది. “జేజి, జేజి!” అని పాప సోఫా ఎక్కి గెంతింది.

మేం వీఎస్ రేస్‌లో టీమ్ గేమ్ పెట్టుకుంటాం. 12 బండ్లలో మొదటి స్థానానికి 15 పాయింట్లు, తొమ్మిదో స్థానానికి 4. అమ్మ, పెద్దోడు ఒకే జట్టు కాబట్టి ఆ 4 పాయింట్లు వాడికీ కావాలి. ముందు వెక్కిరించేవాడు, ఇప్పుడు “జేజీ, అరటితొక్క ఇప్పుడే వేయొద్దు, దాచిపెట్టు” అని నేర్పిస్తాడు.

స్మార్ట్ స్టీరింగ్‌కు హద్దులున్నాయి. అది ఉన్నంతసేపు, మలుపులో జారుతూ తిరిగే డ్రిఫ్ట్‌లో అన్నిటికంటే పెద్దదైన మూడో దశ బూస్ట్ రాదు, కొన్ని షార్ట్‌కట్లలోకి వెళ్లనివ్వదు. ఈమధ్య పాప కావాలనే గడ్డిలోకి తిప్పుతుంటే బండి మళ్లీ రోడ్డెక్కుతోంది, తనకు కోపం వస్తోంది. అంటే ఇక తీసేయాల్సిన సమయం వచ్చినట్టే. అన్నిటికంటే నెమ్మదైన 50సీసీ రేసుల్లో తీసేసి చూస్తున్నాం.

కంట్రోలర్ సంగతి మొదట్లో నేను పట్టించుకోలేదు. స్విచ్‌తో వచ్చే చిన్న కంట్రోలర్ జాయ్‌కాన్‌ను అడ్డంగా పట్టుకుంటే SL, SR బటన్లు పెద్దవాళ్ల వేళ్లకు చాలా చిన్నవి. నాలుగు రేసులకే అమ్మకు వేళ్లు నొప్పి పుట్టాయి. ఆమెకు పెద్ద కంట్రోలర్ విడిగా కొన్నాం. నలుగురు ఆడితే తెర నాలుగు ముక్కలవుతుంది. మాది 43 అంగుళాల టీవీ, తన ముక్క ఏదో ఆమెకు దొరికేది కాదు. ఇప్పుడు ముందుగా ఆమె కంట్రోలర్‌నే కలుపుతాం. అలా చేస్తే ఆమెకు ఎప్పుడూ పైన ఎడమవైపు ముక్కే వస్తుంది.