మొదటి ఫ్రేమ్, చివరి ఫ్రేమ్ ఇచ్చాక మధ్య కదలికకు ప్రాంప్ట్: చాలాకాలం వాడిన తరువాత నా సమీక్ష

రెండు చిత్రాలు ఇచ్చి, ఒకదాని నుంచి రెండోదానికి చేరే వీడియోను మోడల్ చేత చేయించుకునే పద్ధతిని 2025 ఏప్రిల్‌లో అలీబాబా వారి వాన్ 2.1 ఎఫ్‌ఎల్‌ఎఫ్‌2వీ అనే వీడియో మోడల్ వచ్చినప్పటి నుంచి వాడుతున్నాను. తరువాత వాన్ 2.2కు మారాను. రెండింటినీ, ఇలాంటి మోడళ్లను నోడ్‌లనే చిన్న పెట్టెలు కలిపి నడిపే కంఫీయూఐ అనే సాఫ్ట్‌వేర్‌లో `WanFirstLastFrameToVideo` అనే నోడ్ ద్వారానే నడిపిస్తాను. మామూలు అమరికలో వచ్చేది 81 ఫ్రేములు, సెకనుకు 16 చొప్పున, అంటే ఐదు సెకన్ల క్లిప్పు. నాకు ఈ పద్ధతి ఎంతో ఇష్టం. ఒక్క చిత్రం ఇచ్చి కథ ఎటు పోతుందో చూస్తూ కూర్చోవడం కంటే, చేరవలసిన చోటు ముందే నిర్ణయించుకోవడం చాలా మేలు. అయితే ఫలితం బాగుండాలంటే ప్రాంప్ట్‌ను వేరే తీరులో రాయాలి. ఈ సమీక్ష ప్రధానంగా దాని గురించే.

ఒక చిత్రంతో గానీ, చిత్రమే లేకుండా గానీ వీడియో చేసేటప్పుడు దృశ్యాన్ని వర్ణిస్తాం: వాకిలి, ఎర్ర చీర, ఉదయపు వెలుగు. ఇక్కడ ఆ వర్ణన దాదాపు అనవసరం. వాకిలి ఎలా ఉందో, చీర ఏ రంగో రెండు ఫ్రేములలోనూ మోడల్‌కు కనిపిస్తూనే ఉంది. కనిపించనిది ఒక్కటే, మధ్యలో ఏం జరిగిందన్నది. కాబట్టి ప్రాంప్ట్‌లో ఉండవలసినవి క్రియలు. మార్పును ఎవరు చేశారు, ఏ వరుసలో చేశారు, కెమెరా ఏం చేసింది, ఏది కదలకుండా ఉంది. ఇవి చెప్పకపోతే మోడల్ రెండు చిత్రాల తేడాను తనకు సులువైన దారిలో పూడ్చేస్తుంది. ఆ సులువైన దారి ఒక చిత్రం కరిగి మరో చిత్రంగా మారడం.

ధనుర్మాసం ముగ్గుల మీద చేసిన ఒక చిన్న వీడియోలో ఇది నాకు బాగా తెలిసింది. మొదటి ఫ్రేమ్‌లో కళ్లాపి చల్లిన వాకిలి, నేల మీద చుక్కలు, ఒక పక్కన వంగి ఉన్న స్త్రీ, ఆమె ఎడమ చేతిలో ముగ్గుపిండి గిన్నె. చివరి ఫ్రేమ్‌లో పూర్తయిన మెలికల ముగ్గు, పక్కనే నిటారుగా నిలబడిన అదే స్త్రీ. రెండు ఫొటోలూ ఒకే త్రిపాది మీద నుంచి, ఒకే లెన్సుతో తీసినవే. దృశ్యాన్ని వర్ణించే ప్రాంప్ట్‌తో నడిపితే మొదటి సెకను అంతా నిశ్చలంగా ఉంది, చివరి సెకను కూడా అంతే. మధ్యలో నేలలోంచి ఊరినట్టు గీతలన్నీ ఒకేసారి తేలాయి, స్త్రీ వంగిన ఆకారం పలుచబడి నిలబడిన ఆకారంగా మారింది.

ఇలాంటి కరుగుడును వీడియో ఆడించి పట్టుకోవడం కష్టం. ఐదు సెకన్లలో కన్ను మోసపోతుంది. నేను చేసే పరీక్ష 41వ ఫ్రేమ్ దగ్గర ఆపి చూడటం. అది సరిగ్గా మధ్య ఫ్రేమ్. నిజమైన కదలిక అయితే చేయి ఆ క్షణంలో ఒక్కచోటే ఉంటుంది, గీత సగం వేసి ఉంటుంది. కరుగుడు అయితే రెండు స్థితులూ ఒకే ఫ్రేమ్‌లో లేతగా, ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి. కదలిక వేగంగా ఉంటే చేయి మసకగా కనిపించడం సహజమే. కానీ ఆ మసక కదలిక దిశలో సాగి ఉంటుంది, రెండు అంచులుగా చీలి ఉండదు. ఈ తేడా ఒకసారి కంటికి అలవాటైతే ప్రాంప్ట్ మార్చాలా, లేక ప్రతిసారీ వేరే ఫలితం రావడానికి ఇచ్చే సీడ్ అనే సంఖ్య మార్చాలా అన్నది వెంటనే తెలిసిపోతుంది. కదలికలో చిన్న లోపం ఉంటే సీడ్ మార్చి చూడవచ్చు. కరుగుడు ఉంటే సీడ్ ఎన్నిసార్లు మార్చినా లాభం తక్కువ. ప్రాంప్ట్ గానీ ఫ్రేములు గానీ మారాలి.

తరువాతి మెట్టు మార్పుకు కర్తను చెప్పడం. ఆమె వేళ్లతో పిండి వదులుతూ ముగ్గు వేస్తుందని రాస్తే చేయి కదిలింది, పిండి రాలింది. కానీ చేయి ఒకచోట ఉండగా ముగ్గు మరోచోట వచ్చేస్తోంది. కారణం ప్రాంప్ట్‌లోని భాషలో లేదు, సమయంలో ఉంది. వాకిలి నిండా వేసే మెలికల ముగ్గుకు ఎంత చేయి తిరిగినవారికైనా నిమిషాలు పడుతుంది. చివరి ఫ్రేమ్‌లో ముగ్గంతా ఉండి తీరాలి, చేతికి ఉన్నది ఐదు సెకన్లు. చేయి చేరలేని చోట గీత దానంతట అదే పుట్టక తప్పదు. అందుకే రెండు ఫ్రేముల మధ్య ఉన్న మార్పు నిజ జీవితంలో ఐదు సెకన్లలో జరిగేదేనా అని ప్రాంప్ట్ రాసే ముందే అడుగుతాను. కాదంటే ప్రాంప్ట్‌ను పొడిగించను, ఫ్రేములను దగ్గరికి తెస్తాను.

ఆ ప్రకారం చివరి మెలిక ఒక్కటి మిగిలి ఉన్న ఫొటోను మొదటి ఫ్రేమ్‌గా పెట్టాను. చివరి ఫ్రేమ్ పాతదే. పనిచేసిన ప్రాంప్ట్ ఇది:

```
Static camera. The woman lets white powder
fall from her right fingertips, drawing one
curve toward the wall. The line appears only
under her fingers. The curve closes, then she
lifts her hand and stands up straight.
The finished lines on the ground stay fixed.
```

ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది. కెమెరా నిశ్చలమని మొదటే చెప్పకపోతే మోడల్ చాలాసార్లు కాస్త ముందుకు జరిగి, చివరి ఫ్రేమ్‌కు సరిపోవడానికి మళ్లీ వెనక్కి లాక్కుంటుంది. గీత వేళ్ల కిందే కనిపించాలన్న వాక్యం కార్యకారణాలను కలిపి కడుతుంది. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. పూర్తయిన గీతలు కదలవన్న చివరి వాక్యం లేకపోతే కొత్త మెలికతో పాటు పాతవి కూడా పాకుతాయి. దిశ చెప్పడానికి కుడి, ఎడమ అనకుండా గోడ వైపు అన్నాను. ఎడమ అంటే ఆమె ఎడమా, చూసేవారి ఎడమా అన్న సందిగ్ధం ఉంటుంది. గోడ రెండు ఫ్రేముల్లోనూ కనిపిస్తోంది కాబట్టి అక్కడ పొరపాటుకు తావు లేదు. మనిషి వెనక్కి తిరగడం, తలుపు తెరుచుకోవడం వంటివాటికీ ఇదే వర్తిస్తుంది. రెండు చివరలూ తెలిసినా అటు తిరిగిందా ఇటు తిరిగిందా అన్నది ఫొటోలు చెప్పవు.

వరుస చెప్పడానికి ‘తరువాత’ అనే మాట చాలు. రెండో సెకనులో ఇది, నాలుగో సెకనులో అది అని అంకెలు వేస్తే ఈ మోడల్ పట్టించుకోవడం చాలా అరుదు. ఒక క్లిప్పులో రెండు చర్యలు, కెమెరాది ఒక్క కదలిక. అంతకు మించి అడిగితే మొదటిది తీరికగా జరిగి, మిగిలినవన్నీ చివరి అర సెకనులో ఇరుక్కుంటాయి.

కరుగుడు వద్దని ప్రాంప్ట్‌లోనే రాయడం మంచిది కాదు. ఆ మాట ఉంటే చాలు, కావాలన్నామో వద్దన్నామో మోడల్ సరిగా పోల్చుకోదు. దాని చోటు, వద్దనుకున్నవి విడిగా రాసే నెగెటివ్ ప్రాంప్ట్. అక్కడ `crossfade, dissolve, morphing` అని రాస్తాను. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. మోడల్ మెట్లుమెట్లుగా చిత్రాన్ని తేల్చే పనిని వేగం కోసం నాలుగు మెట్లలో పూర్తిచేసే లోరా, అంటే మోడల్‌కు తగిలించే చిన్న అదనపు ఫైలు, వాడినప్పుడు, ప్రాంప్ట్‌కు మోడల్ ఎంత కట్టుబడాలో చెప్పే `cfg` విలువ 1 పెడతాం. 1 దగ్గర నెగెటివ్ ప్రాంప్ట్ లెక్కలోకే రాదు, అందులో ఏం రాసినా ఒకటే. పైగా ఆ లోరాలతో కదలిక కూడా మందగిస్తుంది. సీడ్ ఎంచుకోవడానికి వేగవంతమైన పద్ధతి సరే గానీ, కష్టమైన కదలిక ఉన్న క్లిప్పును నేను లోరా తీసేసి, పూర్తి మెట్లతోనే నడుపుతాను. సమయం ఎక్కువ పట్టినా ఆ తేడా తెరపై కనిపిస్తుంది.

కెమెరా కదలాలంటే మాత్రం ప్రాంప్ట్ కన్నా ముందు ఫ్రేములను పరీక్షించాలి. అదే వాకిలి దూరం నుంచి, తరువాత తులసి కోట దగ్గరి నుంచి కావాలనుకుందాం. దూరపు ఫొటోను కత్తిరించి పెద్దది చేసి చివరి ఫ్రేమ్‌గా ఇస్తే, కోటకూ వెనక గోడకూ మధ్య అమరిక మారదు. అది జూమ్. నడిచి దగ్గరికి వెళ్లి తీస్తే కోట పెద్దదవుతుంది, గోడ అంతగా పెరగదు, ఇంతకుముందు కనిపించిన కిటికీ కొంత కోట చాటుకు పోవచ్చు. అది కెమెరా ముందుకు నడవడం. కత్తిరించిన ఫొటో ఇచ్చి కెమెరా ముందుకు నడుస్తోందని రాస్తే, మోడల్ మొదట నిజంగా నడుస్తుంది, గోడకూ కోటకూ మధ్య దూరం మారుస్తుంది, చివరికి చేరేసరికి ఆ మార్పు తప్పని గ్రహించి గోడను వంచి సరిచేస్తుంది. చివరి పది ఫ్రేముల్లో గోడ అంచు అలలా కదిలితే కారణం సాధారణంగా ఇదే. ఏ ఫొటో ఇచ్చామో ప్రాంప్ట్‌లో ఆ మాటే వాడాలి.

వెలుగు విషయం కూడా ఇలాంటిదే. రెండు ఫొటోల మధ్య ఎండ వచ్చేస్తే రంగు ఒక్కసారిగా మారుతుంది. తేడా చిన్నదైతే ఫొటోలనే సరిచేస్తాను. పెద్దదైతే మబ్బు తొలగి ఎండ నెమ్మదిగా నేల మీద పరుచుకుంటోందని ప్రాంప్ట్‌లో కారణం చెబుతాను. కారణం ఉన్న మార్పును మోడల్ మధ్య ఫ్రేములన్నిటికీ పంచుతుంది.

ఐదు సెకన్లకు మించిన వీడియో కోసం ఒక క్లిప్పు చివరి ఫ్రేమ్‌ను తరువాతి క్లిప్పుకు మొదటి ఫ్రేమ్‌గా ఇస్తూ గొలుసు కడతాం. అతుకు దగ్గర ఒకే ఫ్రేమ్ రెండుసార్లు వస్తుంది, ఒకటి తీసేయాలి. అది సులువే. అసలు ఇబ్బంది వేగానిది. నిశ్చల చిత్రంలో వేగం సమాచారం ఉండదు కాబట్టి ప్రతి అతుకు దగ్గరా చేయి ఆగి, మళ్లీ మొదలవుతుంది. ప్రాంప్ట్‌లో ఆగకుండా కదులుతోందని రాస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకే అతుకును చేయి సహజంగా ఆగే చోటే పెడతాను. ముగ్గు వేసేటప్పుడు పిండి కోసం చేయి గిన్నెలోకి వెళ్లే క్షణం అలాంటిది. అక్కడ ఆగడం ఎవరికీ లోపంగా తోచదు.

ప్రాంప్ట్ భాష గురించి ఒక మాట. ఎఫ్‌ఎల్‌ఎఫ్‌2వీ మోడల్‌తో వచ్చిన సూచనల్లోనే దానికి శిక్షణ ప్రధానంగా చైనీస్ పాఠాలతో జరిగిందని, చైనీస్ ప్రాంప్ట్‌లు మేలని ఉంది. నేను చిన్న చిన్న ఇంగ్లిషు వాక్యాలతో పని కానిస్తున్నాను, ఫలితం బాగానే ఉంది. తెలుగులో రాస్తే దృశ్యం అర్థమైనట్టే ఉంటుంది గానీ చర్యల వరుస నిలవదు. తెలుగులో నేరుగా రాసుకునే రోజు రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ముగ్గు మొత్తం చుక్క నుంచి చివరి గీత వరకు చూపాలంటే నేను ఇప్పటికీ ఈ పద్ధతి వాడను. మధ్య ఫ్రేముల్లో మెలిక ఏ చుక్కను ఏ వైపు నుంచి చుట్టాలో మోడల్‌కు తెలియదు. ముగ్గు వేయడం వచ్చినవారు ఆ తప్పును వెంటనే పట్టేస్తారు. ఆ భాగాన్ని ఫోనుతో పైనుంచి చిత్రీకరించి వేగం పెంచుతాను. చివరి మెలిక, ఆమె లేచి నిలబడటం, తులసి కోట వైపు కెమెరా నడవడం, ఈ మూడింటికీ రెండు ఫ్రేముల పద్ధతినే వాడతాను.