శాంక్షన్ లెటర్‌లో ప్లస్ గుర్తు తర్వాతి అంకె: ఐదేళ్ల హోమ్ లోన్ అనుభవం

తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు ఫ్లాట్ కొనడానికి 2021 ఏప్రిల్‌లో 30 లక్షల హోమ్ లోన్ తీసుకున్నాం. ఇరవై ఏళ్ల కాలవ్యవధి, ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు. ఇప్పటికి దాదాపు ఐదేళ్లు కంతులు కట్టాను. ఈ ఐదేళ్లలో నాకు మంచి జరిగినా నష్టం జరిగినా, దాని మూలం మొదటి రోజు సంతకం పెట్టిన ఆ శాంక్షన్ లెటర్‌లోనే కనిపిస్తోంది. అందుకే లోన్ గురించి రాద్దామని కూర్చుంటే ఎక్కువగా ఆ లెటర్ గురించే రాయాల్సి వస్తోంది.

లెటర్ చేతికొచ్చిన రోజు నేను చూసింది ఒకటే, వడ్డీ 6.90 శాతం. ఈఎంఐ 23,079 రూపాయలు. ఇంట్లో అందరం సంతోషపడ్డాం. ఆ 6.90 కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంది: రెపో రేటు 4.00 ప్లస్ 2.90. దాన్ని చదివాను, కానీ పట్టించుకోలేదు. అసలు రేటు అదే. 6.90 అనేది ఆ రోజు కూడికకు వచ్చిన జవాబు మాత్రమే.

2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్, అంటే వడ్డీ మారుతూ ఉండే, హోమ్ లోన్లను బయటి ప్రమాణానికి ముడిపెట్టాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. ఎక్కువ బ్యాంకులు రెపో రేటును, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటును, ఎంచుకున్నాయి. రెపో మన చేతిలో లేదు, బ్యాంకు చేతిలోనూ లేదు. ప్లస్ గుర్తు తర్వాత ఉండే అంకెను స్ప్రెడ్ అంటారు. సంతకానికి ముందు బ్యాంకుతో మాట్లాడి తగ్గించుకోగలిగేది దాన్నే. సంతకం అయ్యాక అది చాలాకాలం మనతోనే ఉంటుంది. మన క్రెడిట్ పరిస్థితి బాగా మారితే తప్ప అందులోని రిస్క్ భాగాన్ని బ్యాంకు మార్చకూడదు, మిగతా భాగాలను మూడేళ్లకు ఒకసారికి మించి పెంచకూడదు. ఇది మనకు రక్షణే. కానీ మొదటే ఎక్కువ స్ప్రెడ్‌కు ఒప్పుకుంటే అదీ అలాగే నిలిచిపోతుంది.

నేను బేరమాడింది దేనికోసమో చెబితే మీకు తేడా అర్థమవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 0.35 శాతం, అంటే 10,500, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 12,390 రూపాయలు. మేనేజరు గారు నోటిమాటగా "ఫీజు పూర్తిగా తీసేస్తాం మేడం" అన్నారు. లెటర్‌లో చూస్తే సగమే తగ్గించి, అది కూడా నిర్ణీత తేదీలోపు డబ్బు విడుదలైతేనే అని ఉంది. దానికోసం మూడుసార్లు బ్రాంచికి తిరిగి, మార్చిన లెటర్ తెచ్చుకున్నాను. తప్పేమీ కాదు, నోటిమాటను కాగితం మీదకు ఎక్కించుకోవాల్సిందే. కానీ అదే పట్టుదల స్ప్రెడ్ మీద చూపించి 2.90ని 2.65 చేయించుకుని ఉంటే ఈఎంఐ 446 రూపాయలు తగ్గేది. రేట్లు ఏమీ మారవనుకున్నా ఇరవై ఏళ్లకు లక్షా ఏడు వేలు. పన్నెండు వేల కోసం మూడుసార్లు తిరిగి, లక్ష గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

2022 మే నుంచి రెపో పెరగడం మొదలై 2023 ఫిబ్రవరికి 6.50కి చేరింది. మా లెటర్‌లో మూడు నెలలకోసారి రేటు మారుతుందని ఉంది. దాంతోపాటు రేటు పెరిగితే ఈఎంఐ అలాగే ఉంచి కాలవ్యవధి పెంచుతారన్న షరతు కూడా ఉంది. ఖాతాలోంచి ప్రతి నెలా అదే 23,079 పోతోంది కాబట్టి నాకు ఏ తేడా తెలియలేదు. ఆ కాలంలో బ్యాంకు నుంచి వివరంగా ఒక్క ఉత్తరం కూడా రాలేదు. 2023 ఏప్రిల్‌లో ఇంకేదో పనికి స్టేట్‌మెంట్ తీసుకుంటే, ఆ నెల కంతులో వడ్డీకి 22,673, అసలుకు 406 రూపాయలు జమైనట్టు ఉంది. రెండు మూడుసార్లు చూసుకున్నాను. రేటు 9.40, బాకీ ఇంకా 28 లక్షల 94 వేలు. అదే కంతుతో సాగితే తీరడానికి ఎంతకాలం పడుతుందని కాలిక్యులేటర్‌లో వేస్తే 43 ఏళ్లని వచ్చింది. బ్యాంకు అంతదాకా పోనివ్వదు, ఎక్కడో ఒకచోట ఈఎంఐ పెంచమంటుంది. అయినా ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మర్నాడే బ్రాంచికి వెళ్లి, మొదట అనుకున్న ఇరవై ఏళ్లలోనే అప్పు తీరేలా ఈఎంఐని 27,800కి పెంచమని రాతపూర్వకంగా ఇచ్చాను. అదే ఏడాది ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ తెచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, కాలవ్యవధి పెంచుకోవాలా, రెండూ కలిపి చేయాలా అన్న ఎంపికను బ్యాంకు మనకు ఇవ్వాలి. అందుకే ఇప్పుడు లోన్ తీసుకునేవాళ్లు రేటు మార్పును చెప్పే రీసెట్ అన్న మాట ఎక్కడుందో వెతికి, దాని పక్కన ఈ ఎంపిక ఎలా రాశారో చూసుకోండి. ఏమీ చెప్పకపోతే కాలవ్యవధే పెరుగుతుందని ఉంటే, ఈఎంఐ పెంచమని మొదటే రాసివ్వవచ్చు.

ముందస్తు చెల్లింపు విషయంలో మాత్రం మా లోన్ మీద నాకు ఫిర్యాదు లేదు. వ్యక్తులు తీసుకునే ఫ్లోటింగ్ హోమ్ లోన్లను ముందుగా కట్టేస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదన్నది 2012 నుంచీ ఉంది. మా లెటర్‌లోనూ "ఏమీ లేదు" అనే ఉంది. జాగ్రత్తపడాల్సింది మొదటి రెండు మూడేళ్లు ఫిక్స్‌డ్, తర్వాత ఫ్లోటింగ్ అనే లోన్లతో. ఫిక్స్‌డ్‌గా ఉన్న ఆ కాలంలో కట్టేస్తే ఛార్జీ వేయవచ్చు, అది ఎంతో లెటర్‌లోనే తేల్చుకోవాలి.

జరిమానా లేదని తెలిశాక కూడా అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. కొంత మొత్తం ముందుగా కడితే తగ్గేది ఈఎంఐనా, కాలమా? 2024 ఏప్రిల్‌లో చీటీ డబ్బు చేతికొస్తే రెండు లక్షలు కట్టాను. కౌంటర్‌లోని అబ్బాయి "ఈఎంఐ తగ్గించేస్తా మేడం" అన్నాడు. అలా చేస్తే నెలకు సుమారు 1,965 రూపాయలు మిగిలేవి. వద్దని, ఈఎంఐ అలాగే ఉంచి కాలవ్యవధి తగ్గించమని దరఖాస్తు మీద రాశాను. అప్పటికి సుమారు 205 కంతులు మిగిలి ఉంటే అవి 174కి దిగాయి. నెలనెలా 27,800 కడుతూ ముప్పై ఒక్క నెలలు ముందే బయటపడటమంటే ఎనిమిదిన్నర లక్షలకు పైమాట. కంతు భారంగా ఉన్నవాళ్లకు ఈఎంఐ తగ్గించుకోవడమే సరైనది కావచ్చు. ఏది కావాలో మనం రాయకపోతే మాత్రం వాళ్లకు అలవాటైనదే చేస్తారు.

మా తమ్ముడిది ఇంకో కథ. చిత్తూరులో సొంత స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో తీసుకున్నాడు. పోయిన ఏడాది రెపో తగ్గుతూ వస్తుంటే ఫోన్ చేసి, "ఏమక్కా, నీకు తగ్గిందంట గదా, నాకేమీ తగ్గలేదే" అన్నాడు. లెటర్ ఫొటో పంపమన్నాను. అందులో రెపో అన్న మాటే లేదు. కంపెనీ సొంత ప్రైమ్ లెండింగ్ రేటు, దానిలోంచి కొంత మినహాయింపు, అంతే. బయటి ప్రమాణానికి ముడిపెట్టాలన్న నియమం బ్యాంకులకే, ఈ కంపెనీలకు కాదు. వాళ్ల ప్రైమ్ రేటును వాళ్లు తగ్గించినప్పుడే వాడికి తగ్గుతుంది. మొదట్లో వాడి రేటు నాకంటే పావు శాతమే ఎక్కువ, పత్రాలు తొందరగా అయ్యాయని అక్కడ తీసుకున్నాడు.

పోయిన సెప్టెంబరులో మా కాలేజీలో పనిచేసే ఒకమ్మాయి 25 లక్షల లోన్‌కు వెళ్తూ, "అక్కా, ఒకసారి చూడవా" అని కాగితాలు తెచ్చింది. నాకు లేని సదుపాయం తనకు ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరైన హోమ్ లోన్లన్నిటికీ కీలక వివరాల పత్రం ఇవ్వాలి, బ్యాంకులో కేఎఫ్ఎస్ అంటారు. రేటు, ఫీజులు, అన్నీ కలుపుకున్న వార్షిక రేటు అందులో ఉంటాయి. అందులో లేని ఛార్జీని మన స్పష్టమైన అనుమతి లేకుండా తర్వాత వేయకూడదు. కనీసం మూడు పనిదినాలు ఆ షరతులు మారకుండా ఉంటాయి కాబట్టి "ఈరోజే సంతకం పెట్టాలి" అంటే నమ్మనక్కర్లేదు. మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని కూడా ఉంది, తెలుగులో అడగవచ్చు.

ఆమె పత్రంలో వడ్డీ 7.50, వార్షిక రేటు 7.87. మధ్యలో ఈ 0.37 ఎక్కడిదని వెతికాం. ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో కలిపి 8,850 మాత్రమే, దానికి అంత తేడా రాదు. కింద లోన్‌కు బీమా ప్రీమియం అని 60,000 ఉంది. లోన్ డబ్బులోంచే కోసుకుంటారు, అంటే ఆ అరవై వేలకూ ఇరవై ఏళ్లు వడ్డీ కట్టాలి. ఆమెకు అప్పటికే టర్మ్ పాలసీ ఉంది. ఇంటికి అగ్నిప్రమాద బీమా వంటిది బ్యాంకు అడగవచ్చు గానీ, ఈ జీవిత బీమాను వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న నిర్బంధం లేదు. "వద్దు, నా పాలసీ కాపీ ఇస్తాను" అని ఈమెయిల్ పెట్టింది. లోన్ ఆలస్యమవుతుందని రెండుసార్లు ఫోన్ వచ్చింది. నాలుగో రోజు కొత్త పత్రం వచ్చింది, వార్షిక రేటు 7.55. ఆ రెండు అంకెల మధ్య దూరం పెద్దగా ఉంటే ఏదో ఒకటి లోపల చేరిందని అర్థం, దాని పేరు తెలిసేదాకా అడగాలి.

ఆమె స్ప్రెడ్ 2.00 అని చూశాక నా 2.90 గుర్తొచ్చింది. రెపో 5.25కి తగ్గాక ఈ జనవరి నుంచి నా రేటు 8.15. తగ్గాల్సినంతా తగ్గించారు, అందులో బ్యాంకును తప్పుపట్టను. కానీ కొత్తవాళ్లకు స్ప్రెడ్ తక్కువ. పాతవాళ్లకూ మూడేళ్లు ఆగకుండా స్ప్రెడ్ తగ్గించడానికి 2025 అక్టోబరు నుంచి బ్యాంకులకు వెసులుబాటు ఉంది, అయితే అది వాళ్లు తప్పక చేయాల్సిందేమీ కాదు. పాత శాంక్షన్ లెటర్ జిరాక్సు, అదే బ్యాంకు కొత్త రేట్ల కాగితం జతచేసి దరఖాస్తు ఇచ్చాను. లోన్‌ను వేరే బ్యాంకుకు మార్చుకునే ఆలోచన ఉందని కూడా రాశాను. మూడు వారాలకు పిలిచి స్ప్రెడ్ 2.40 చేస్తామన్నారు, మార్పిడి రుసుము జీఎస్టీతో 3,540. బాకీ ఇంకా ఇరవై నాలుగున్నర లక్షలు ఉంది కాబట్టి అర శాతమంటే మొదటి ఏడాదే పన్నెండు వేలు మిగులుతాయి. ఒప్పుకున్నాను. సవరించిన లెటర్‌లో ప్లస్ గుర్తు తర్వాత 2.40 అని కళ్లతో చూసుకున్నాకే సంతకం పెట్టాను.