వైకీకీ అలోహా వేరు, హీలో అలోహా వేరు

హవాయిలో పది రోజులు ఉండొచ్చాం, సగం హోనలూలులోని వైకీకీ బీచ్ దగ్గర, సగం బిగ్ ఐలండ్ అనే దీవిలో హీలో ఊరి దగ్గర. ముందు చెత్త సంగతి చెప్పాలి. ఫుడ్‌కోర్టులో చెత్తడబ్బా మూత మీద 'మహాలో' అని రాసుంటే మా ఆవిడ అది చెత్తకి హవాయి మాటేమో అనుకుంది, రెండు రోజులు అలాగే వాడింది కూడా. అది 'థాంక్స్' అట, చెత్త డబ్బాలో వేసినందుకు.

వైకీకీ హోటల్ గది బాగుంది, సముద్రం రెండు నిమిషాల నడక. కానీ బుకింగ్‌లో మేం గమనించని రిసార్ట్ ఫీజు బిల్లులో రోజూ పడింది, ఆ బిల్లు చేతికిస్తూ కూడా నవ్వుతూ మహాలో అన్నారు. రాత్రి డిన్నర్ షోలో యాంకర్ హలో లాంటి హవాయి పలకరింపు 'అలో...హా' అని అరవడం, మేం అరవడం, 'వినపడలేదు' అని మళ్లీ అరిపించడం. సరదాగానే ఉంది, డబ్బులకి మాత్రం తగదు.

హీలోలో హోమ్‌స్టే. ఇంటావిడ వరండాలోకొచ్చి మా ముగ్గుర్నీ చూసి 'అలోహా కాకౌ' అంది. ఆ రెండో మాటేంటని అడిగితే, మనందరం అని చెప్పింది, వినేవాళ్లతో పాటు తనూ అందులో ఉన్నట్టు. ఎదుట ఒక్కరే ఉంటే 'అలోహా కాఉవ', అంటే మనిద్దరికీ. వినేవాళ్లని కలుపుకోని 'మేము'కి వేరే మాటుందట, మాకౌ. ఇంగ్లీషు వాళ్లకి ఇది విడమర్చి చెప్పాల్సొస్తుందేమో గానీ మనం, మేము తేడాతో పెరిగిన మనకి ఇట్టే తెలుస్తుంది. హలో ఎదుటివాళ్లకి చెప్పేది, ఇది చెప్పేవాళ్లనీ కలుపుకుంటుంది.

మర్నాడు మావాడు లావా రాళ్ల మీద పడి మోకాలు గీరుకున్నాడు. ఇంటావిడ చూడగానే 'అలోహా ఈనో' అంది, అంటే అయ్యో పాపం అని. అదే అలోహా, ఈసారి జాలి. ప్రేమా అదే, వెళ్లేటప్పుడు చెప్పేదీ అదే. టూర్ గైడ్లు 'అలో' అంటే ఎదుట, 'హా' అంటే ఊపిరి అని విడగొట్టి చెప్తుంటారు, వినడానికి బాగుంటుంది గానీ నమ్మకండి. న్యూజిలాండ్ మావోరీలో అరోహ, సమోవాలో అలోఫా అదే మాట, ప్రేమ అనే అర్థంతోనే.

మహాలోకి థాంక్స్‌తో పాటు మెచ్చుకోలు అనే అర్థం కూడా ఉంది. మా ఆవిడ చేసిన పులిహోర తిని ఇంటావిడ గిన్నె వైపు చూస్తూ మహాలో అంటే, థాంక్సా మెచ్చుకోలా అని మేం తేల్చుకోలేకపోయాం. హీలో మార్కెట్లో బొప్పాయి కొని నేను మహాలో అంటే కొట్టతను 'అఓలె పిలికియా' అన్నాడు, ఏం ఇబ్బంది లేదని. మన 'పర్లేదండీ'కి దగ్గర.

మళ్లీ వెళ్తే వైకీకీకి రెండు రాత్రులు చాలు, మిగతాది హీలోకే. కాకపోతే అక్కడ వాన ఎక్కువ, తీరం చాలావరకు నల్లరాళ్లే, ఈతకి వెళ్లాలనుకునేవాళ్లు వేరే వైపు చూసుకోండి.