రోజుకొకటా, వారానికొకటా? చిన్న ఖాతాకు కారౌసెల్ లెక్క

హనుమకొండలో ఉద్యోగం చేసుకుంటూ, కాకతీయుల కట్టడాల మీద ఇన్‌స్టాగ్రామ్ ఖాతా నడిపే ఒక మనిషిని తీసుకుందాం. ఫాలోవర్లు రెండు వేలలోపే. రామప్ప గుడి మీద కారౌసెల్ సిరీస్, అంటే పక్కకు జరుపుతూ చూసే స్లైడ్ల పోస్టుల వరుస, మొదలుపెట్టాలనుకుంటున్నాడు. రోజుకొకటి వేయాలా, వారానికి మూడు వేయాలా, ఒక్కటే చాలా? ఆరు భాగాలకు ఆపాలా, ఇరవై దాకా లాగాలా?

ముందు ఒక్క కారౌసెల్‌కు ఎంత పని పడుతుందో చూడాలి. 2024 నుంచి ఒక పోస్టులో 20 స్లైడ్ల దాకా పెట్టుకోవచ్చు గానీ, ఒక విషయం చెప్పడానికి ఎనిమిది సరిపోతాయి. ఆ ఎనిమిదింటికి ఫొటోలు ఏరడానికి గంట. ఏడాది, పేర్లు, శాసనంలోని మాట సరిచూడడానికి గంటన్నర. రాసినదాన్ని స్లైడుకు రెండు మూడు వాక్యాలకు కుదించడానికి గంట. అమర్చి, తప్పులు చూసుకోవడానికి మరో గంట. క్యాప్షన్‌కూ కామెంట్లకు జవాబులకూ అరగంట. మొత్తం ఐదు గంటలు. గుడి ఉన్న పాలంపేటకు పోయివచ్చే రోజు దీనికి అదనం.

ఉద్యోగం ఉన్నవాడికి మామూలు వారంలో ఏడు గంటలు మిగులుతాయనుకుందాం. రోజుకొకటి అంటే వారానికి 35 గంటలు, ఇక ఆ మాటే అక్కర్లేదు. వారానికి మూడంటే 15 గంటలు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మొదట్లో హుషారు మీద, సెలవుల్లో తీసిపెట్టుకున్న ఫొటోల మీద రెండు వారాలు గడిచిపోతాయి. ఆ తర్వాత కోత పడేది సరిచూసే గంటన్నర మీదనే, ఎందుకంటే అది బయటికి కనిపించని పని. 1213 కాస్తా 1231 అవుతుంది. క్యాప్షన్‌ను తర్వాత దిద్దుకోవచ్చు గానీ, బొమ్మ మీద వేసిన అక్షరాన్ని దిద్దలేం, ఆ స్లైడ్‌నే తీసేయాలి. చరిత్ర చెప్పే ఖాతాకు నాలుగు పోస్టులు తక్కువైనా నష్టం లేదు, ఒక తప్పు ఏడాది మాత్రం నమ్మకాన్ని తినేస్తుంది.

వారానికొకటైతే ఐదు గంటలు పోను రెండు మిగులుతాయి. రెండున్నర వారాలకు ఒక అదనపు కారౌసెల్ తయారై నిల్వలో ఉంటుంది. ఇంట్లో పెళ్లో, ఆఫీసులో ఆడిటో వచ్చి నాలుగు గంటలే దొరికిన వారం ఆ నిల్వ ఆదుకుంటుంది. అందుకే నా ఓటు వారానికొకటికే. నిల్వ సున్నాకు వచ్చి, పోస్టు వేసే రాత్రే తయారీ కూడా మొదలవుతున్నదంటే అలసట వచ్చేసినట్టే. లైకులు తగ్గడం కన్నా ఈ గుర్తు ముందే కనిపిస్తుంది.

ఇక పొడవు. రామప్పలో విడివిడిగా నిలబడే విషయాలు ఎన్నో రాసుకోండి: రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన సంగతి, ఇసుక పునాది, నీళ్ల మీద తేలే ఇటుకలు, మదనికలు, రామప్ప చెరువు, 2021లో యునెస్కో గుర్తింపు. ఆరు. ఇరవైకి లాగితే ఒక్కో శిల్పానికి ఒక్కో భాగం చేయాల్సి వస్తుంది. చెప్పేది పలచబడుతుంది, తయారీ గంటలు మాత్రం తగ్గవు.

పొడుగు సిరీస్‌కు ఇంకో చిక్కుంది. భాగాలు వరుసగా చూసేవాళ్లు తక్కువ. కొత్తవాళ్ల ఫీడ్‌లోకి నాలుగోదో, ఐదోదో సూటిగా వచ్చి పడుతుంది. కవర్ మీద ‘14వ భాగం’ అని పెద్దగా కనిపిస్తే, ముందువన్నీ చూడాలేమోనని దాటిపోతారు. అందుకే కవర్ మీద ‘ఈ ఇటుక నీళ్లలో ఎందుకు తేలుతుంది?’ అన్న ప్రశ్న పెద్దగా, భాగం సంఖ్య మూలన చిన్నగా ఉండాలి. ప్రొఫైల్ పైభాగాన మూడు పోస్టుల దాకా పిన్ చేసుకోవచ్చు కాబట్టి, మొదటి భాగాన్ని అక్కడ ఉంచితే వరుస కావాల్సినవాళ్లకు దారి దొరుకుతుంది.

రోజుకొకటి నప్పే సందర్భం ఒకటుంది, బతుకమ్మ. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, తొమ్మిది పేర్లు. పొడవును పండుగే నిర్ణయించింది, చెప్పాల్సింది ముందే తెలుసు. కానీ తొమ్మిదీ అమావాస్యకు ముందే తయారై షెడ్యూల్‌లో ఉండాలి. అంటే 45 గంటలు, ఏడు గంటల చొప్పున ఆరు వారాలకు పైనే. ఆ ఆరు వారాలూ వేరే సిరీస్ పెట్టుకోవద్దు.

ఆరు భాగాలు అయ్యాక రెండు వారాలు ఆగి ఇన్‌సైట్స్ చూడండి. లైకులను పక్కనపెట్టి, ఒక్కో భాగం ఎంతమందికి చేరింది, అందులో ఎంతమంది సేవ్ చేసుకున్నారు, పంపుకున్నారు అన్నది పోల్చండి. చేరిక తగ్గినా సేవ్‌ల పాళ్లు నిలిచి ఉంటే విషయంలో బలం ఉన్నట్టు, కవర్లు మార్చి చూడొచ్చు. చేరిక నిలిచి సేవ్‌ల పాళ్లు నాలుగో భాగం నుంచి పడిపోతుంటే, తర్వాతి సిరీస్‌ను, వరంగల్ కోట తోరణాల మీదైనా సరే, నాలుగు భాగాలకే కుదించండి.