బొమ్మల సైటు బాగుంది, దాని డిలీట్ బటన్‌తోనే నా పేచీ

నెల్లూరులో ఫ్లెక్సీలు, ఆహ్వానపత్రికలు తయారుచేసే నేను ఏడాదికి పైగా డబ్బు కట్టి వాడుతున్న ఈ ఏఐ సైటు ఎంత చక్కని బొమ్మలు వేస్తుందో అందరికీ తెలిసిందే. ఒక మనిషి ఫోటోలు పదీ పదిహేను ఇస్తే అతని ముఖాన్ని ‘క్యారెక్టర్’గా గుర్తుపెట్టుకునే సదుపాయాన్ని నేను చాలామంది దగ్గర మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలును ఇప్పుడు బొమ్మల వరకే పరిమితం చేస్తున్నాను.

మైపాడు బీచ్‌లో దిగిన ఫోటోలతో కావలి మిత్రుడికి రాజు వేషం వేయించాను. బొమ్మలు చూసి నవ్వుకున్నాడు కానీ, కొన్నాళ్లకు ఫోన్ చేసి, “బొమ్మలు నీ దగ్గర ఉంటే ఉండనీ, ఆ సైటులో మాత్రం నా ఫోటోలు ఉంచొద్దురా” అన్నాడు.

గ్యాలరీలో అన్నీ తీసేశాను. అయితే అక్కడ పోయినవి తయారైన బొమ్మలే. నేను ఇచ్చిన అసలు ఫోటోలు ‘అప్‌లోడ్స్’ అనే వేరే చోట భద్రంగా ఉన్నాయి. వాటినీ తీసేసి, అనుమానం కొద్దీ క్యారెక్టర్ పేరు టైపు చేస్తే మావాడి ముఖమే మళ్లీ వచ్చింది. ఫోటోల నుంచి ముఖం పోలికలను నేర్చుకున్న చిన్న మోడల్ ఫైలు విడిగా ఉంటుంది కాబట్టి, ఫోటోలు పోయినా అది పోదు. దాన్ని కూడా విడిగానే తొలగించాలి. ముందే కాపీ చేసి ఉంచుకున్న ఒక ఫోటో లింకును, నా బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ చూపిస్తుందేమోనని, మరొకరి ఫోన్‌లో తెరిచి చూశాను. అక్కడా తెరుచుకుంది.

కస్టమర్ కేర్‌కు రాస్తే, తీసేసిన ఫోటోలు బ్యాకప్‌లలో 30 రోజుల వరకు ఉండవచ్చని, ‘శిక్షణకు వాడవద్దు’ అనే మీట నొక్కిన నాటి నుంచే వర్తిస్తుందని మర్యాదగా జవాబిచ్చారు. ఆ మీట డబ్బు కట్టేవారికే ఉంది, పైగా మొదట అది శిక్షణకు ఒప్పుకున్నట్టే ఉంటుంది. అంతకుముందే ఫోటోలు సైటులో అందరికీ బొమ్మలు వేసే పెద్ద మోడల్ శిక్షణలోకి వెళ్లి ఉంటే, ఫైలు చెరిపినంత మాత్రాన మోడల్ నేర్చుకున్నది చెరగదు. 2021లో అమెరికాలో ఎవరాల్బమ్ అనే ఫోటోల యాప్ కేసులో, వాడుకరుల ఫోటోలతో తయారైన మోడళ్లను కూడా తొలగించాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ షరతు పెట్టింది అందుకే. మన 2023 డేటా రక్షణ చట్టంలోనూ తొలగింపు కోరే హక్కు ఉంది కానీ, ఇక్కడ ఖాతా నాది, ముఖం అతనిది. సైటు దృష్టిలో అతనెవరో తెలియదు కనుక అతని తరఫున నేనే రాయవలసి వచ్చింది.

చందా మాత్రం మానలేదు. మండపాలు, పూల అంచులు, నేపథ్యాలు దీనిలోనే వేయిస్తున్నాను, ముఖాలను షాపులోని కంప్యూటర్‌లో చేత్తో అతికిస్తున్నాను. దానికి సమయం ఎక్కువ పడుతోంది, పని అంత నున్నగానూ రావడం లేదు. సొంత ముఖంతో ఆడుకునేవారికి ఈ సైటు సరిపోతుందేమో. ఇతరుల ఫోటోలతో బతికే నాలాంటివారికి ఐదింటికి మూడు నక్షత్రాలు, అవి కూడా బొమ్మలకే.