రివైజ్డ్ రిటర్నా, రెక్టిఫికేషనా, అప్పీలా: పన్ను డిమాండు వచ్చినప్పుడు ఏది మేలు?

ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసి రిఫండు కోసం ఎదురుచూస్తున్నవారికి, బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం (సీపీసీ) నుంచి రిఫండుకు బదులుగా సెక్షన్ 143(1) కింద రిటర్ను లెక్క తేల్చి చెప్పే ఇంటిమేషను, దానితోపాటు పన్ను కట్టమనే డిమాండు రావడం ఏటా జరుగుతున్నదే. అప్పుడు చాలామంది తొందరపడి రివైజ్డ్ రిటర్ను వేస్తారు. మరికొందరు చిన్న మొత్తమే కదా అని కట్టేస్తారు. తప్పు మన రిటర్నులో ఉందా, పన్ను కోసినవారి లెక్కలో ఉందా, లేక సీపీసీ లెక్కింపులో ఉందా అన్నది తేలకుండా మార్గాన్ని ఎంచుకుంటే, నెలలు గడిచాక అదే డిమాండు మళ్లీ రావచ్చు.

ఉదాహరణకు 2025-26 అసెస్‌మెంటు సంవత్సరానికి గడువులోగా రిటర్ను వేసిన ఒక విశ్రాంత ఉద్యోగిని తీసుకుందాం. ఆయనకు పింఛను, డిపాజిట్ల వడ్డీ కాక ఒక సంస్థ నుంచి సలహా రుసుముగా 1,80,000 రూపాయలు వచ్చాయి. ఆ సంస్థ పది శాతం, అంటే 18,000 రూపాయలు టీడీఎస్ కోసుకుంది. ఆ ఆదాయమంతా ఆయన రిటర్నులో చూపారు. మొత్తం పన్ను 40,500, మొత్తం టీడీఎస్ 52,000. కాబట్టి ఆయన అడిగిన రిఫండు 11,500. ఇంటిమేషనులో మాత్రం టీడీఎస్ 34,000 మాత్రమే ఒప్పుకొని 6,500 కట్టమన్నారు. తేడా సరిగ్గా 18,000.

ఇంటిమేషనులో రెండు నిలువు వరుసలు ఉంటాయి: ఒకటి మనం రిటర్నులో ఇచ్చినది, రెండోది సీపీసీ లెక్కించినది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే, ఆదాయం, మినహాయింపులు, పన్ను అన్నీ ఒకటే ఉండి టీడీఎస్ వరుసలో మాత్రమే తేడా కనిపిస్తుంది. అప్పుడు తెరవవలసినది మన పాన్ పేరిట జమ అయిన పన్నుల వివరాలుండే ఫారం 26AS. అందులో ప్రతి కోతకూ ఎదురుగా బుకింగ్ స్థితిని తెలిపే ఒక అక్షరం ఉంటుంది. F ఉంటే సంస్థ ఇచ్చిన వివరాలు కట్టిన చలానాతో సరిపోయాయని అర్థం. U ఉంటే సరిపోలేదని అర్థం. అసలు ఆ పద్దే లేకపోతే, సంస్థ త్రైమాసిక టీడీఎస్ స్టేట్‌మెంటు దాఖలు చేయకపోయి ఉండవచ్చు, లేదా పాన్ సంఖ్యలో ఒక అక్షరం తప్పు రాసి ఉండవచ్చు. మన ఉదాహరణలో ఆ పద్దు లేదు. అంటే తప్పు ఆయన రిటర్నులో కాదు, సంస్థ స్టేట్‌మెంటులో ఉంది.

ఇక్కడ రివైజ్డ్ రిటర్నుతో ఉపయోగం లేదు. దిద్దడానికి అందులో ఏమీ లేదు. అవే అంకెలతో మళ్లీ దాఖలు చేస్తే అదే 26ASతో పోల్చి అదే డిమాండు పంపుతారు. ఆయన చేయవలసింది సంస్థకు రాతపూర్వకంగా రాసి, స్టేట్‌మెంటు వేయించడం లేదా సవరణ స్టేట్‌మెంటు వేయించడం, ఆ పద్దు 26ASలోకి వచ్చేదాకా ఆగడం, ఆ తర్వాతే సెక్షన్ 154 కింద సీపీసీ లెక్కను దిద్దమని రెక్టిఫికేషను కోరడం. పోర్టల్‌లో Services కింద Rectification తెరిచి Reprocess the Return ఎంచుకుంటే చాలు. కొత్తగా ఏ అంకె నింపే పని లేదు. పద్దు రాకముందే ఈ అభ్యర్థన పెట్టడమే ఎక్కువమంది చేసే పొరపాటు. పద్దు 26ASలో ఉండి, రిటర్నులో మనమే, పన్ను కోసే సంస్థకు ఉండే టాన్ సంఖ్య తప్పు రాసి ఉంటే మాత్రం Tax Credit Mismatch Correction సరైన ఎంపిక.

సంస్థ స్పందించే లోపు డిమాండును మౌనంగా వదిలేయకూడదు. Response to Outstanding Demand లో ఏకీభవించడం లేదని కారణంతో సహా నమోదు చేయాలి. ఒకరి ఆదాయం నుంచి నిజంగా పన్ను కోసిన మేరకు అదే పన్నును మళ్లీ ఆ వ్యక్తినే కట్టమనకూడదని సెక్షన్ 205 చెబుతోంది; రుసుము ఎంత కోతతో జమ అయిందో చూపే బ్యాంకు స్టేట్‌మెంటు, సంస్థ ఇచ్చిన చెల్లింపు పత్రం ఇందుకు ఆధారాలు. చిన్న మొత్తమని కట్టేయమని నేను సలహా ఇవ్వను. కట్టడం వల్ల డిమాండు తీరుతుందే గానీ రావలసిన 11,500 రాదు.

అయితే రెక్టిఫికేషనుకు హద్దులున్నాయి. రికార్డులో పైకే కనిపించే తప్పును మాత్రమే ఇది దిద్దుతుంది. సుదీర్ఘ వాదనతో తేల్చవలసిన విషయం, రెండు అభిప్రాయాలకు తావున్న విషయం అలాంటి తప్పు కాదని వోల్కార్ట్ బ్రదర్స్ కేసులో సుప్రీం కోర్టు 1971లోనే చెప్పింది. అలాగే రిటర్నులో అడగడమే మరచిన బీమా ప్రీమియం మినహాయింపు వంటి కొత్త కోరికను రెక్టిఫికేషనులో చేర్చలేము. అలాంటి మరుపుకు రివైజ్డ్ రిటర్నే మేలు. ఇంటిమేషను వచ్చేసినా అది వేయవచ్చు, ఎందుకంటే ఇంటిమేషను అసెస్‌మెంటు కాదు. దాని గడువు మాత్రం చిన్నది: 2025-26 సంవత్సరానికి అది 2025 డిసెంబరు 31తో ముగిసింది. గడువు దాటాక అప్‌డేటెడ్ రిటర్ను ఉంది కదా అనుకోవద్దు. పన్ను తగ్గించుకోవడానికి గానీ రిఫండు పెంచుకోవడానికి గానీ అది పనికిరాదు. సెక్షన్ 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవడమే మిగులుతుంది.

రెక్టిఫికేషను గడువు విశాలమైనది: ఉత్తర్వు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటి నుంచి నాలుగేళ్లు. 2025 నవంబరులో వచ్చిన ఇంటిమేషనుకు 2030 మార్చి 31 దాకా వీలుంది. అర్జీ అందిన నెల ముగిసిన నాటి నుంచి ఆరు నెలల్లో అధికారి తేల్చాలి. ఈ విశాలత్వమే ఒక్కోసారి నష్టం చేస్తుంది. చట్టం అర్థం విషయంలోనే సీపీసీతో విభేదం ఉంటే సరైన దారి కమిషనర్ (అప్పీల్స్) ముందు ఫారం 35లో అప్పీలు. దానికి గడువు డిమాండు నోటీసు అందిన నాటి నుంచి 30 రోజులే, రుసుము ఆదాయాన్ని బట్టి 250 నుంచి 1,000 రూపాయలు. రెక్టిఫికేషను అర్జీ పెండింగులో ఉందన్న కారణంతో ఆ 30 రోజులు ఆగవు. విషయం వివాదాస్పదమని ఏమాత్రం అనుమానమున్నా, రెక్టిఫికేషను జవాబు కోసం చూడకుండా గడువులోగా అప్పీలు కూడా వేయడమే క్షేమం.

ఈ మూడు మార్గాల్లో దేనితోనూ పనిలేని రిఫండు ఆలస్యాలు వేరే ఉన్నాయి. రిటర్ను వేసి 30 రోజుల్లో ఇ-వెరిఫై చేయకపోతే, వెరిఫై చేసిన రోజునే దాఖలు తేదీగా తీసుకుంటారు. వెరిఫై చేయనే చేయకపోతే ప్రాసెసింగే మొదలుకాదు. ఆధార్‌తో కలపక పాన్ పనిచేయని స్థితిలో ఉంటే రిఫండు విడుదల కాదు. ఖాతా మూసివేసినా, బ్యాంకులో పేరు పాన్‌లోని పేరుతో సరిపోకున్నా రిఫండు విఫలమవుతుంది. అప్పుడు ఖాతాను ముందుగా వాలిడేట్ చేసుకుని Refund Reissue కోరాలి. అంతా సరిగానే ఉన్నా, గత సంవత్సరపు పాత డిమాండు ఉంటే సెక్షన్ 245 కింద సర్దుబాటు నోటీసు వస్తుంది. దానికి నోటీసులో ఇచ్చిన 21 రోజుల్లో ఆక్షేపణ తెలపకపోతే, ఈ ఏటి రిఫండు ఆ పాత డిమాండుకే జమ అవుతుంది.