రెండో స్థాయి పరీక్షా, మూడో స్థాయి పరిశీలనా?

శిక్షణ ఎంత పనిచేసిందో కొలవడానికి కర్క్‌పాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు స్థాయుల్లో తికమక ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే. రెండోది నేర్చుకున్నారా అని చూస్తుంది, మూడోది నేర్చుకున్నది పనిలో వాడుతున్నారా అని. సూపర్‌మార్కెట్ క్యాషియర్లకు రిటర్న్ బిల్లు చేయడం నేర్పారనుకోండి.

ఖర్చు: రెండో స్థాయికి శిక్షణకు ముందొకటి, తర్వాతొకటి పరీక్ష చాలు. మూడో స్థాయికి రెండు మూడు నెలలయ్యాక సూపర్‌వైజర్ కౌంటర్ దగ్గర నిలబడి చూడాలి.

రిస్క్: మంచి మార్కులొచ్చినా కౌంటర్‌లో రిటర్న్‌లు ఆగిపోవచ్చు. కారణం వెతికితే, రిటర్న్‌కు మేనేజర్ పాస్‌వర్డ్ కావాలి, ఆయన దొరకడు! పని రాకనా, వీలులేకనా అన్నది శిక్షణకు ముందు చేసే అవసరాల విశ్లేషణలోనే తేలాల్సింది. రెండో స్థాయి కొలవకుండా మూడోది చూస్తే మాత్రం ఈ తేడా తెలియదు.

ఏది ఎప్పుడు: సాఫ్ట్‌వేర్ కొత్తదైతే ముందు పరీక్ష. పని తెలిసినా చేయడం లేదంటే పరిశీలన.